చైన్ అసలుదో కాదో ఫొటోలో ఇలా చూడండి

ఆన్‌లైన్‌లో సగం ధరకే కనిపించే 11 స్పీడ్ కేఎంసీ చైన్ కొనే ముందు, అమ్మేవాళ్లను బయటి ప్లేటు దగ్గరి ఫొటో అడగండి. వెలుతురు పక్క నుంచి పడాలి. ఎదురుగా ఫ్లాష్ కొడితే గీతల లోతు తెలియదు.

ముందు అక్షరాలు చూడాలి. అచ్చు ఒత్తితే పడిన అక్షరానికి లోతు ఉంటుంది, ఒక అంచున నీడ పడుతుంది. పైపైన లేజర్‌తో గీసినది చదునుగా, బూడిదరంగు మరకలా కనిపిస్తుంది. నాలుగైదు ప్లేట్లు పోల్చండి. అక్షరాలు ఒకచోట పక్కకు జరిగి, మరోచోట మసకగా ఉంటే అనుమానించాల్సిందే. అయితే కొన్ని అసలు భాగాల మీదా లేజర్ గుర్తులుంటాయి, అందుకే అదే మోడల్‌కు కంపెనీ సైట్‌లో ఉన్న ఫొటో పక్కన పెట్టి చూడాలి.

పూత విషయంలో మెరుపును నమ్మకండి. పిన్ను చుట్టూ, రంధ్రాల అంచుల్లో పూత బుడగలు కట్టిందా, పొరలుగా లేచిందా గమనించండి. పెట్టె మీది మోడల్ పేరు, చైన్ మీది ముద్ర, కలిపే లింకు స్పీడు మూడూ సరిపోవాలి. స్టిక్కర్‌ను మాత్రం ఎవరైనా ముద్రించగలరు.

ఉక్కు గట్టిదనం ఏ ఫొటోలోనూ కనిపించదు. చైన్ చేతికొచ్చాక పన్నెండు పూర్తి అంగుళాల పొడవు కొలవండి, పిన్ను మధ్య నుంచి పిన్ను మధ్యకు 304.8 మిల్లీమీటర్లు రావాలి. కొద్ది రోజుల వాడకానికే 306.3 దాటిందంటే అరశాతం సాగినట్టే. అలాంటి చైన్‌ను గేర్ల మీద ఉంచితే పళ్లనూ అరగదీస్తుంది.