పదింటికి ‘ఎట్’, సోమవారం ‘ఆన్’, జూన్‌లో ‘ఇన్’

ఆఫీసు వాట్సాప్ గ్రూపులో ఓ మెసేజ్ ఇలా ఉందనుకోండి: ‘మీటింగ్ ఇన్ మండే మార్నింగ్ ఆన్ 10’. విషయం అందరికీ తెలిసిపోతుంది. అందుకే ఎవరూ తప్పు చెప్పరు, ఆ అలవాటు అలాగే ఉండిపోతుంది.

దీన్ని సరిచేసుకోవడానికి మన తెలుగే చాలావరకు సాయం చేస్తుంది. గడియారం చూసి ‘పదింటికి’ అంటాం. తేదీ చూసి ‘జూన్ 15న’ అంటాం. నెలో ఏడాదో అయితే ‘జూన్‌లో’, ‘2026లో’ అంటాం. ‘కి’ ఉన్నచోట ఎట్, ‘న’ ఉన్నచోట ఆన్, ‘లో’ ఉన్నచోట ఇన్ పెడితే సరిపోతుంది.

చిక్కంతా తెలుగులో ఏ ప్రత్యయమూ లేనిచోటే. ‘సోమవారం కలుద్దాం’, ‘పొద్దున రండి’ అంటాం కదా, ఇంగ్లిష్‌లో అలా వదిలేస్తే కుదరదు. వారం పేరుకు ఆన్ రావాలి. పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రాలకు ‘ఇన్ ద మార్నింగ్’ తరహాలో ఇన్ రావాలి. రాత్రికి మాత్రం ‘ఎట్ నైట్’. వారమూ పూటా కలిసి వస్తే వారానిదే పైచేయి: ‘ఆన్ మండే మార్నింగ్’. పైన మెసేజ్‌లో ‘ఇన్’ తప్పు కావడానికి కారణం ఇదే. ఇక టుమారో, నెక్స్ట్ మండే, దిస్ ఈవెనింగ్ వంటి మాటల ముందు ఈ మూడింట్లో ఏదీ అక్కర్లేదు. ‘ఆన్ టుమారో’ మన దగ్గర తరచూ కనిపించే పొరపాటు.

తెలుగును నమ్ముకుంటే దెబ్బతినే చోట్లు రెండున్నాయి. ‘శుక్రవారానికి రిపోర్ట్ ఇస్తా’ అన్నప్పుడు ‘కి’ ఉంది కదా అని ఎట్ రాయకూడదు. అది గడువు, అక్కడ ‘బై ఫ్రైడే’ అనాలి. రెండోది ఇంకా మెలిక. మధ్యాహ్నం పన్నెండింటికి ‘రెండు గంటల్లో ఫోన్ చేస్తా’ అంటే మన ఉద్దేశం రెండు లోపే, ఎప్పుడైనా. ‘ఇన్ టూ అవర్స్’ అని రాస్తే మాత్రం చదివేవాళ్లు సాధారణంగా రెండు గంటలు గడిచాక, అంటే రెండింటి ప్రాంతంలో ఫోన్ కోసం చూస్తారు. లోపే అన్నది గట్టిగా చెప్పాలంటే ‘విదిన్ టూ అవర్స్’ అనాలి. ‘ఎట్ టూ’ అంటే సరిగ్గా రెండింటికి. గడువులున్న పనిలో ఈ తేడా చిన్నది కాదు.

అమెరికాలో ఉన్న మీవాళ్లు ‘సీ యూ మండే’ అని ఆన్ లేకుండా పంపితే తప్పనుకోకండి, అక్కడి వాడుకలో అది మామూలే. ‘ఆన్ ద వీకెండ్’ కూడా వాళ్లదే. బ్రిటన్‌లో ఎక్కువగా ‘ఎట్ ద వీకెండ్’ అంటారు.

మొదటి మెసేజ్‌ని ఇప్పుడు ఇలా రాయండి: ‘మీటింగ్ ఆన్ మండే, జూన్ 15, ఎట్ 10 ఏ.ఎం.’ ఏ.ఎం. ఉంది కాబట్టి మార్నింగ్ అక్కర్లేదు. వారంతో పాటు తేదీ కూడా రాయండి. ‘నెక్స్ట్ మండే’ అని మాత్రం వదిలేస్తే, రాబోయే సోమవారమా, ఆ పై సోమవారమా అని కొందరు మళ్లీ అడగాల్సి వస్తుంది.