జాయింటు కారితే గర్డరు దాకా: వంతెన తనిఖీ నివేదికను చదవడం

నిజాంసాగర్ దాటిన మంజీర బాన్సువాడ, బీర్కూర్, కోటగిరి ప్రాంతాల మీదుగా మహారాష్ట్ర సరిహద్దును ఒరుసుకుంటూ వెళ్లి కందకుర్తి దగ్గర గోదావరిలో కలుస్తుంది. ఈ దారిలో నది మీద, కాలువల మీద వంతెనలు చాలానే ఉన్నాయి. కోతల కాలంలో వడ్ల లారీలు, మిగతా రోజుల్లో ఇసుక లారీలు వాటి మీదే తిరుగుతాయి. వంతెన బాగుందా లేదా అని ఎవరినైనా అడిగితే పైనున్న రోడ్డు సంగతి చెబుతారు. గుంటలు పడ్డాయనో, రెయిలింగు విరిగిందనో అంటారు. తనిఖీకి వచ్చిన ఇంజినీరు మాత్రం ఎక్కువసేపు వంతెన కిందే గడుపుతాడు. అతను రాసే నివేదికలో అసలు కథ మూడు చోట్ల ఉంటుంది: ఎక్స్‌పాన్షన్ జాయింట్, బేరింగ్, గర్డర్. ఒక్కోదానికి ఒక్కో పేజీ, ఒక్కో అంకె, కొన్ని ఫొటోలు. వాటిని విడివిడిగా చదివితే సగమే అర్థమవుతుంది.

ఒక ఉదాహరణ తీసుకుందాం. ఇది ఫలానా వంతెన అని కాదు, మన జిల్లాల్లో ఎక్కడైనా కనిపించే రకం. పిల్లరుకూ పిల్లరుకూ మధ్య 24 మీటర్ల దూరం. ఆ దూరాన్ని దాటే కాంక్రీటు దూలాలే గర్డర్లు. వాటి మీద స్లాబు, స్లాబు మీద తారు. గర్డర్ చివర నేరుగా పిల్లరు మీద కూర్చోదు. మధ్యలో బేరింగ్ ఉంటుంది. ఈ రకం వంతెనల్లో అది నల్లటి రబ్బరు దిమ్మ, లోపల పొరలు పొరలుగా ఉక్కు రేకులు. దాని కింద పెడెస్టల్ అనే చిన్న కాంక్రీటు గద్దె.

రబ్బరు ఎందుకంటే గర్డర్ కదులుతుంది. కాంక్రీటు ఒక డిగ్రీ వేడెక్కితే తన పొడవులో పది లక్షల వంతులకు సుమారు 12 వంతులు సాగుతుంది. చలికాలపు తెల్లవారుజాముకూ మే నెల మధ్యాహ్నానికీ మధ్య కాంక్రీటు వేడిలో 35 డిగ్రీల తేడా ఉందనుకుంటే, 24 మీటర్ల గర్డర్ పొడవు 10 మిల్లీమీటర్లు మారుతుంది. చిటికెన వేలి మందం కూడా లేని మార్పే. కానీ దాన్ని బిగబట్టి ఆపితే పుట్టే ఒత్తిడికి కాంక్రీటు పగులుతుంది. అందుకే కింద రబ్బరు పక్కకు వాలుతుంది, పైన రెండు స్లాబుల మధ్య ఖాళీ తెరుచుకుంటూ మూసుకుంటూ ఉంటుంది. ఆ ఖాళీయే ఎక్స్‌పాన్షన్ జాయింట్. లారీ దాటినప్పుడు దడేల్మని చప్పుడు వచ్చేది అక్కడే.

మన నివేదికలో మూడో పిల్లరు దగ్గర జాయింట్ పేజీ ఇలా ఉందనుకోండి: ఖాళీని మూసే రబ్బరు పట్టీ రెండు మీటర్ల మేర చిరిగింది, సందులో మట్టి, కంకర గట్టిపడి కూర్చున్నాయి. రేటింగ్ 4. అదే పిల్లరు మీద అంచు గర్డర్ కింది బేరింగ్ ఒక పక్క ఉబ్బింది, రబ్బరు చీలింది, పైభాగం కింది భాగం కన్నా 31 మిల్లీమీటర్లు పక్కకు జరిగింది. రేటింగ్ 3. ఆ గర్డర్ చివర తుప్పు మరక దిగింది, పొడవునా ఒక పగులు ఉంది, జానెడు మేర పెచ్చు ఊడి చువ్వలు బయటపడ్డాయి. రేటింగ్ 5.

అంకెలు 9 నుంచి 0 దాకా ఉంటాయి. 9 అంటే కొత్తది, 0 అంటే వాడకంలో లేనిది. 7, ఆపైన బాగున్నట్టు. 5, 6 పరవాలేదు. 4, అంతకన్నా తక్కువైతే బాగోలేనట్టు. ఈ లెక్క అమెరికాలో స్థిరపడింది. అక్కడ 1967 డిసెంబరు 15న ఒహైయో నది మీది సిల్వర్ బ్రిడ్జి కూలి 46 మంది చనిపోయాకే దేశమంతటా ఒకే పద్ధతి తనిఖీలు మొదలయ్యాయి. మన దేశంలో 2016లో జాతీయ రహదారుల వంతెనల కోసం తెచ్చిన ఐబీఎంఎస్ వ్యవస్థ వంతెన బలానికి ఒక అంకె వేస్తూ, అది మూతపడితే జనానికి ఎంత ఇబ్బందో చెప్పే అంకెను విడిగా ఇస్తుంది. ఈ రెండో అంకె నాకు నచ్చుతుంది. చుట్టూ తిరిగి వెళ్లే దారి లేని ఊరి వంతెనకు వచ్చిన 5, పక్కనే మరో వంతెన ఉన్న చోటి 5 ఒకటి కావు.

అమెరికా పద్ధతిలో ఒక లొసుగు చాలాకాలం నడిచింది. పైభాగానికి రేటింగ్ వేసేటప్పుడు, పరిస్థితి మరీ విషమిస్తే తప్ప, బేరింగులనూ జాయింట్లనూ లెక్కలోకి తీసుకునేవారు కారు. జాయింట్ ఏళ్ల తరబడి కారుతున్నా గర్డర్ చెడేదాకా వంతెన అంకె మారేది కాదు. 2022లో సవరించిన నిబంధనల్లో ఆ రెంటికీ విడిగా అంకెలు వేయాలన్నారు.

ఇప్పుడు మన మూడు పేజీలనూ కలిపి చదవండి. పట్టీ చిరిగిన జాయింట్ నుంచి వాన నీళ్లు నేరుగా పిల్లరు నెత్తిన పడతాయి. ఆ నీటితో దిగిన మట్టి బేరింగ్ చుట్టూ పేరుకుని తడి ఆరనివ్వదు. రబ్బరు చీలికలోంచి నీరు లోపలి ఉక్కు రేకులను చేరుతుంది. గర్డర్ చివరిభాగం ఏడాదిలో నెలల తరబడి చెమ్మగా ఉంటుంది. కాంక్రీటు లోపలి చువ్వ తుప్పు పడితే ఉబ్బుతుంది, తుప్పుకు ఇనుము కన్నా ఎక్కువ చోటు కావాలి. ఆ ఉబ్బుకు పైనున్న కాంక్రీటు చువ్వ వెంబడే చీలి, చివరికి పెచ్చుగా రాలిపోతుంది. ఇంతలో పైన కంకరతో బిగుసుకున్న జాయింట్ ఎండకు మూసుకోలేదు. ఒక పక్క అడ్డు తగలడంతో స్లాబు రెండో పక్కకు నెట్టుకుంటుంది, అక్కడి బేరింగ్ తన వంతుకు మించి వాలుతుంది. 31 మిల్లీమీటర్లు అలా వచ్చి ఉండవచ్చు. మూడు రేటింగులు, జబ్బు ఒక్కటే.

బేరింగ్ ఎంతవరకు వాలవచ్చు? లోపలి రేకుల మందం తీసేసి రబ్బరు పొరల మందం మాత్రమే కలపాలి, అందులో 70 శాతం దాకా ఫరవాలేదు అన్నది మామూలు కొలత. రబ్బరు 40 మిల్లీమీటర్లయితే హద్దు 28. మనది 31, దాటింది. అయితే ఈ కొలత ఏ రోజు, ఏ వేళ తీశారు? ఎండలో గర్డర్ సాగి బేరింగ్ పైభాగాన్ని బయటికి నెడుతుంది, చలిలో లోపలికి లాగుతుంది. జనవరిలో 20 చూపించిన బేరింగ్ మేలో వేరే అంకె చూపిస్తుంది. తేదీ, సమయం, ఉష్ణోగ్రత రాయని బేరింగ్ ఫొటోకు సగం విలువే.

ఫొటోల సంగతి వచ్చింది కాబట్టి కొంచెం ఆగుదాం, నివేదికల్లో ఎక్కువ తప్పులు జరిగేది ఇక్కడే. పగులును దగ్గరగా తీసిన ఫొటో ఒక్కటే పెడితే అది ఏ గర్డర్‌దో, పైభాగానిదో కిందిదో తెలియదు. గోరంత పగులు గోడంతగా కనిపిస్తుంది. సరిగ్గా చేసేవాళ్లు ఒక్కో లోపానికి మూడు తీస్తారు: పిల్లరు మొత్తం కనిపించేలా ఒకటి, గర్డర్ చివర ఒకటి, పక్కన స్కేలు పెట్టి దగ్గరగా ఒకటి. వంతెనకు ఒక కొస నుంచి పిల్లర్లకూ గర్డర్లకూ వరస నంబర్లుంటాయి, ఆ నంబరు సుద్దతో రాసి ఫొటోలో పడేలా చూస్తారు. మళ్లీసారి వచ్చినవాడు అదే చోట నిలబడి తీస్తేనే పగులు పెరిగిందో లేదో చెప్పగలడు.

ఫొటో చూసి భయపడాల్సింది ఏది, అక్కర్లేనిది ఏది? మామూలు కాంక్రీటు గర్డర్ నడుమ, అడుగున, వెంట్రుకంత సన్నటి నిలువు పగుళ్లు ఉంటే సాధారణంగా కంగారు లేదు. బరువుకు గర్డర్ కొద్దిగా వంగినప్పుడు అడుగుభాగం సాగి అవి వస్తాయి. మామూలు వాతావరణంలో 0.3 మిల్లీమీటర్ల దాకా నియమాలే ఒప్పుకుంటాయి. అదే గర్డర్ చివర, బేరింగ్ దగ్గర్నుంచి ఏటవాలుగా పైకి ఎక్కే పగులు సన్నదైనా తేలిగ్గా తీసుకోకూడదు, బరువు పిల్లరులోకి దిగే దారి అది. ఇక లోపల ఉక్కు తీగలను బిగించి లాగి కట్టిన ప్రీస్ట్రెస్డ్ గర్డర్ అయితే నడుమ కనిపించే సన్న పగులు కూడా పెద్ద వార్తే. పగుళ్లు రాకూడదనే ఆ తీగలను లాగింది.

ఎంత జాగ్రత్తగా తీసినా కెమెరాకు దొరకని చోటు ఒకటుంది. రెండు గర్డర్ల చివరలు ఎదురెదురుగా నిలిచే ఇరుకు సందు. చెయ్యి కూడా పట్టదు. అద్దం పెట్టో, సన్నటి కెమెరా తీగ దింపో చూడాలి. రెయిలింగు మీదుగా కిందికి చెయ్యి చాచే తనిఖీ లారీ వస్తే కొంత నయం. పెడెస్టల్‌ను సుత్తితో తట్టి చూస్తారు, డొల్ల చప్పుడు వస్తే లోపల కాంక్రీటు విడిపోయినట్టు. ఇది చాదస్తం కాదు. 2025 జులై 9న గుజరాత్‌లో మహీసాగర్ నది మీది గంభీరా వంతెన తెగిపడి సుమారు 20 మంది చనిపోయారు. 1985 నాటి వంతెన అది. పెడెస్టల్, దానితోపాటు పైభాగపు ముక్కలు ఒకదాని మీద ఒకటి ఆనే అతుకు నలిగిపోవడమే కారణమని ప్రాథమికంగా తేల్చారు. అంటే మనం మాట్లాడుకుంటున్న ఆ అడుగు రెండడుగుల చోటే.

ఇక మరమ్మతుల వరస. తక్కువ అంకె వచ్చిందానికి ముందు చేయాలని తోస్తుంది: బేరింగ్ 3, జాయింట్ 4, గర్డర్ 5. పని అలా నడవదు. మొదటి వారంలోనే చేయాల్సింది ఖర్చు లేని పని: సందులో మట్టి, కంకర తవ్వితీయడం, స్లాబు మీది నీళ్ల గొట్టాలు శుభ్రం చేయడం, చిరిగిన చోట తాత్కాలికంగా కప్పడం. తట్టినప్పుడు పెడెస్టల్ డొల్లగా పలికితే బరువు లారీలను అప్పుడే ఆపాలి, మిగతా చర్చ తర్వాత.

తరవాత గర్డర్ చివర. రేటింగ్ 5 ఉన్నా బేరింగ్ కన్నా ముందే దీని వంతు, కొత్త బేరింగ్ ఆనేది ఆ కాంక్రీటుకే కాబట్టి. ఊడిన పెచ్చు మీద సిమెంటు పులిమితే ఏడాది తిరక్కుండా మళ్లీ రాలుతుంది. చువ్వ వెనక వేలు దూరేదాకా చెడిన కాంక్రీటు కొట్టి, తుప్పు గీకి, సన్నబడిన చువ్వకు తోడు చువ్వ కట్టాకే కొత్త కాంక్రీటు నింపాలి. గర్డర్ మోస్తున్న చోటే ఇలా కొట్టేటప్పుడు కింద ఆసరా పెట్టుకోవాలి.

బేరింగ్ మార్చాలంటే గర్డర్లను జాకీలతో లేపాలి. లేపేది కొన్ని మిల్లీమీటర్లే, కానీ ఆ పిల్లరు మీది గర్డర్లన్నీ ఒకేసారి, ఒకే ఎత్తు లేవాలి. ఒకటి ముందు లేస్తే పైన స్లాబు పగులుతుంది. చెడింది ఒక్కటే కదా అని ఒక్కటే మార్చడమూ కుదరదు. ఏళ్లుగా నలిగి పలచబడ్డ పాత దిమ్మల పక్కన కొత్తది ఎత్తుగా నిలిచి ఎక్కువ బరువు తన మీదే వేసుకుంటుంది. అందుకే ఆ వరస మొత్తం మారుస్తారు. పాత వంతెనల్లో జాకీ పెట్టడానికి పిల్లరు మీద చోటే వదలని సందర్భాలు ఎక్కువ. అప్పుడు ముందు ఉక్కు ఆధారం బిగించాలి, ఖర్చులో సింహభాగం అక్కడే పోతుంది.

జబ్బుకు మూలమైన జాయింట్‌కు శాశ్వత మరమ్మతు అన్నింటికన్నా చివర. ముందే కొత్తది వేస్తే జాకీలు లేపేటప్పుడు దెబ్బతింటుంది. సగం రోడ్డు మూసి సగం వేస్తారు. పక్కల పోసిన కాంక్రీటు గట్టిపడేదాకా లారీలను రానివ్వరు. రబ్బరు పట్టీ ఒక అంచు నుంచి మరో అంచు దాకా ఒకే ముక్కగా ఉండాలి, నడుమ అతుకు పెడితే మొదట కారేది అదే. చివరికి జాయింట్ పొడవునా ఇసుక బస్తాలు పేర్చి నీళ్లు నిలబెడతారు. ఒకరు పైన ఉంటే, మరొకరు టార్చిలైటు పట్టుకుని పిల్లరు కింద నిలబడి గర్డర్ చివర తడి దిగుతుందేమో చూస్తారు. తడి కనిపించిందంటే ఆ పట్టీని అప్పుడే విప్పించి మళ్లీ వేయిస్తారు, అదయ్యాకే బిల్లు మీద సంతకం.