తిరిగొచ్చాక రెండేళ్ల గడువు

పన్నెండేళ్లు డల్లాస్‌లో హెచ్-1బి వీసాపై పనిచేసిన ఒక ఉద్యోగి డిసెంబరులో కుటుంబంతో హైదరాబాద్ వచ్చేశాడనుకుందాం. అక్కడి బ్రోకరేజి ఖాతాలో లక్ష డాలర్లకు కొన్న ఇండెక్స్ ఫండ్ ఇప్పుడు 1,80,000 డాలర్లయింది. దాన్ని ఎప్పుడు అమ్మాలి?

గత పదేళ్లలో తొమ్మిదేళ్లు ప్రవాసిగా ఉన్నవారికి మన ఆదాయపు పన్ను చట్టం ఆర్‌ఎన్‌ఓఆర్ అనే మధ్యస్థ హోదా ఇస్తుంది. ఇతనికి అది మార్చి తర్వాత వచ్చే రెండు ఆర్థిక సంవత్సరాలు ఉంటుంది. ఆ కాలంలో విదేశీ షేర్ల లాభంపై ఇక్కడ పన్ను లేదు. గ్రీన్‌కార్డు, పౌరసత్వం లేనివారు అమెరికా పన్ను నివాసి హోదా ముగిశాక అమ్మితే, సాధారణంగా అక్కడా షేర్ల లాభంపై పన్ను పడదు. అందుకే అతను జనవరి దాటాక అమ్మాలి.

అదే ఫండ్‌ను మళ్లీ కొనుక్కున్నా కొత్త కొనుగోలు ధర 1,80,000 అవుతుంది. గడువు దాటాక అమ్మితే 80,000 లాభంపై 12.5 శాతం, అంటే సెస్సు కాకుండా పదివేల డాలర్లు కట్టాలి.

ఒక జాగ్రత్త: అమ్మిన సొమ్ము ముందు అమెరికా ఖాతాలోనే జమ కావాలి. నేరుగా ఇక్కడి ఖాతాకు వస్తే, భారత్‌లో అందిన ఆదాయంగా పన్ను పడవచ్చు. తర్వాత ఆర్‌ఎఫ్‌సీ ఖాతాకు తెచ్చుకుంటే డాలర్లు డాలర్లుగానే ఉంటాయి. ఇల్లు, పిల్లల చదువు వంటి అవసరం వచ్చినప్పుడే రూపాయల్లోకి మార్చుకోవచ్చు.