బీపీ పట్టీ చిన్నదైతే...

చేతులు లావుగా ఉన్నవాళ్లకు బీపీ చూసేటప్పుడు ఒక్కోసారి పట్టీ సరిగ్గా చుట్టూ తిరిగి రాదు. వెల్‌క్రో కొస రెండు వేళ్ల మేర అతుక్కుంటుంది, గాలి ఎక్కగానే చిరచిరమంటూ ఊడిపోతుంది. అప్పుడు దాన్ని చేత్తో అదిమి పట్టుకుని, వచ్చిన అంకె రాసేస్తుంటారు. అది అసలు బీపీ కంటే ఎక్కువే అయ్యుండొచ్చు.

తేడా ఎక్కడొస్తుందంటే, మిషన్ రక్తనాళంలోకి తొంగి చూడదు. నాళాన్ని నొక్కి మూయడానికి పట్టీలోని గాలి సంచికి ఎంత ఒత్తిడి కావాలో చూసి, అదే రక్తపోటు అని చెబుతుంది. సంచి నడిమి భాగం కింద ఒత్తిడి పూర్తిగా పడుతుంది, అంచుల దగ్గర తగ్గిపోతుంది. సంచి ఇరుకై, చేయి లావైతే ఆ ఒత్తిడి కండా కొవ్వూ దాటి లోతున ఉన్న నాళం దాకా పూర్తిగా చేరదు. నాళం మూసుకోవాలంటే ఇంకాస్త గాలి కొట్టాలి. ఆ అదనపు గాలి కూడా బీపీ లెక్కలోకి వచ్చేస్తుంది.

ఇది ఈమధ్య కనిపెట్టిన సంగతేమీ కాదు. 1896లో ఇటలీ వైద్యుడు రివా-రోచ్చి తయారుచేసిన పట్టీ వెడల్పు సుమారు 5 సెంటీమీటర్లే. అంత సన్నని పట్టీ బీపీని ఎక్కువ చేసి చూపిస్తోందని జర్మనీకి చెందిన వాన్ రెక్లింగ్‌హౌసెన్ 1901లోనే చెప్పి, దాన్ని రెట్టింపుకు పైగా వెడల్పు చేశాడు. అయినా నేటికీ చాలాచోట్ల ఒకే పట్టీ అందరి చేతులకూ తిరుగుతోంది!

ఈ నిర్లక్ష్యం ఖరీదెంతో అమెరికాలోని బాల్టిమోర్‌లో 195 మంది పెద్దల మీద చేసిన అధ్యయనంలో తేలింది. దాని ఫలితాలు 2023లో వచ్చాయి. అన్నిటికంటే పెద్ద పట్టీ అవసరమైనవాళ్లకు మామూలు పట్టీ కడితే పై అంకె సగటున 144 వచ్చింది. సరైన పట్టీ కడితే వాళ్లకే 124.5. మొదటి అంకె చూస్తే బీపీ జబ్బే అనిపిస్తుంది. ఒక సైజు మాత్రమే పెద్దది కావలసినవాళ్లలో తేడా 5 దగ్గర ఆగింది.

మరి మన పట్టీ సరిపోతోందా? భుజం కొసకూ మోచేతికీ సరిగ్గా మధ్యలో, చేయి వేలాడదీసి, టేపుతో చుట్టుకొలత తీసుకోవాలి. 38 సెంటీమీటర్లు వచ్చిందనుకుందాం. గాలి సంచి పొడవు అందులో 80 శాతం, అంటే 30 సెంటీమీటర్లు ఉండాలి. ఇంత లెక్క అక్కర్లేకుండా, ఎంత చుట్టుకొలతకు పనికొస్తుందో చాలా పట్టీల మీదే ముద్రించి ఉంటుంది. 22-32 అని ఉంటే ఆ చేతికి అది చాలదు. పెద్దది కొనేటప్పుడు మీ మిషన్‌కు పనికొచ్చేదే అడగండి.

చిన్న పట్టీతో చూసి, వచ్చిన దాంట్లోంచి ఇరవై తీసేస్తే సరిపోతుందనుకోవద్దు. అది సగటు, ఒక్కొక్కరికి ఒక్కోలా మారుతుంది. బీపీ మాత్రలు వాడుతున్నవాళ్లు ఇది చదివి మానేయకండి. సరైన పట్టీతో మళ్లీ చూయించుకుని, ఆ అంకెలతో డాక్టర్‌ను కలవండి.