ఎక్కువ పడిన జీతం ఎవరిది?

నాలుగైదు చిన్న కంపెనీల జీతాల లెక్కలు రాయడం నా పని. ఎవరికైనా పొరపాటున ఎక్కువ జీతం పడిందంటే చాలు, ఒక వాట్సాప్ ఫార్వర్డ్ నిద్ర లేస్తుంది: "ఎక్కువ ఇచ్చిన జీతం వెనక్కి తీసుకోకూడదని సుప్రీంకోర్టు తీర్పు. పైసా ఇవ్వకండి."

ఈ మధ్య ఒక గోదాములో ఫోర్క్‌లిఫ్ట్ నడిపే పెద్దాయన దీన్ని నమ్మాడు. యజమాని మెసేజీకి బదులివ్వలేదు, ఫోనెత్తలేదు, చివరికి పనే మానేశాడు. అంతా కలిపి ఆరు వేల లోపు వ్యవహారం. ఫైనల్ సెటిల్‌మెంట్‌లో అది ఒక్కసారే కోసేశారు. పోయింది డబ్బు కాదు, తొమ్మిదేళ్ల ఉద్యోగం.

తీర్పు ఉన్న మాట నిజమే. 2014 డిసెంబరులో, పంజాబ్ ప్రభుత్వానికీ రఫీక్ మసీహ్‌కీ మధ్య నడిచిన కేసులో వచ్చింది. ఫార్వర్డ్ చేసేవాళ్లు చదవనిది దాని లోపలి సంగతి. అది ప్రభుత్వోద్యోగుల గొడవ. కింది స్థాయి ఉద్యోగులు, రిటైరైనవాళ్లు, ఏడాదిలో రిటైరయ్యేవాళ్లు, అయిదేళ్లకు పైగా ఎక్కువ పడుతూ వచ్చినవాళ్లు, ఇలా కొన్ని సందర్భాల్లో వసూలు చేయడం అన్యాయమంది. అదీ ఉద్యోగి వైపు మోసం లేనప్పుడు. 2016లో అదే కోర్టు ఇంకో మాట చెప్పింది: ఎక్కువ పడితే తిరిగిస్తానని ముందే రాసిచ్చిన అధికారి దగ్గర వసూలు చేయొచ్చని. ఈ రెండోది ఎవరూ ఫార్వర్డ్ చేయరు, ఎందుకో!

ప్రైవేటు గోదాములో నాలుగు నెలలు తప్పుగా పడిన అలవెన్సుకు ఈ తీర్పు గొడుగు కాదు. పొరపాటున అందిన డబ్బు తిరిగివ్వాలని 1872 నాటి కాంట్రాక్టు చట్టం 72వ సెక్షన్ చెబుతుంది. ఎక్కువ చెల్లించిన వేతనాన్ని జీతంలో సర్దుబాటు చేసుకోవచ్చని 1936 వేతన చెల్లింపుల చట్టం ఒప్పుకునేది, 2019 వేతనాల కోడూ ఒప్పుకుంటుంది.

అయినా పెద్దాయన పక్షాన ఒక మాట ఒప్పుకోక తప్పదు. తప్పు ఆఫీసుది. ఆయన ఆ డబ్బుతో బియ్యం కొన్నాడు, మనవరాలి ఫీజు కట్టాడు. ఖర్చైపోయిన డబ్బును ఒక్కసారే లాగితే ఇల్లు తలకిందులవుతుంది. తీర్పు పుట్టింది ఈ బాధలోంచే. కాకపోతే దీనికి మందు "ఇవ్వను" అనడం కాదు, వాయిదాలు అడగడం.

యజమానుల అపోహ ఇంకా ఘనమైనది: "చట్టం సగం జీతం దాకా కోయొచ్చంది కదా!" ఆ యాభై శాతం అన్ని కోతలూ కలిపి దాటకూడని గీత. పి.ఎఫ్., ఇ.ఎస్.ఐ., పాత అడ్వాన్సు కిస్తీ అన్నీ అందులోనే. గీత దాకా వెళ్లి తీరాలని ఎవరూ చెప్పలేదు. వడ్డీ వేయొచ్చని కొందరంటారు. తప్పు మీరు చేసి వడ్డీ ఆయన కట్టడమా?

అసలు ఆ యజమాని పంపిన మెసేజీ చూడండి: "మీకు అధిక వేతనం చెల్లించబడినది. వచ్చే నెల సర్దుబాటు చేయబడును." ఎంత, ఎందుకు, ఎన్ని నెలలు? ఏమీ లేదు. ఇలాంటిది చూసి ఎవరైనా ఫార్వర్డ్‌నే నమ్ముతారు.

జరిగింది ఇది. పెద్దాయన జీతం 18,000. ఏప్రిల్‌లో పగటి షిఫ్టుకి మారాడు. నైట్ అలవెన్సు 1,500 మాత్రం జులై దాకా పడుతూనే ఉంది. నాలుగు నెలలకు 6,000. కానీ దాని మీద నెలకు 12 రూపాయల చొప్పున ఇ.ఎస్.ఐ. కోత పోయింది. ఆ 48 ఆయన చేతికి రాలేదు, కాబట్టి అడగకూడదు. మిగిలింది 5,952. పన్నెండు నెలలకు పంచితే నెలకు 496. అప్పుడు ఇలా రాయాల్సింది:

"బాబాయ్, నమస్తే. మీరు ఏప్రిల్‌లో పగటి షిఫ్టుకి మారినా నైట్ అలవెన్సు తీసేయడం మా అకౌంట్స్‌లో మరిచిపోయారు. తప్పు మాది. నాలుగు నెలల్లో మీ చేతికి 5,952 ఎక్కువ వచ్చింది. పే స్లిప్పులు పంపుతున్నాను, లెక్క చూసుకోండి. తేడా ఉంటే చెప్పండి. మీరు సరేనంటే అక్టోబరు నుంచి నెలకు 496 చొప్పున పన్నెండు నెలలు తీసుకుంటాం. వడ్డీ లేదు. 496 కూడా ఇబ్బందైతే ఎంత వీలవుతుందో చెప్పండి. పండగ నెలలో వద్దంటే ఆపుతాం. మధ్యలో పని మానాల్సి వస్తే మిగిలింది ఎలా తీర్చాలో అప్పుడు కూర్చుని మాట్లాడుకుందాం. పదో తారీకులోగా చెప్పండి, మీరు చెప్పేదాకా ఏమీ కోయం."

బదులు వచ్చాక ఆ ఒప్పందం కాగితం మీద పెట్టి ఇద్దరూ సంతకం చేయాలి. కోత పే స్లిప్పులో "ఇతర కోతలు" కింద దాక్కోకూడదు. "నైట్ అలవెన్సు సర్దుబాటు, 3/12, మిగిలింది 4,464" అని కనబడాలి.