డబ్బా మీద ఉన్నది ఏ 4కె?

నింటెండో స్విచ్‌లో ఆడుతూ ఒక మంచి ఘట్టాన్ని దాచుకోవాలంటే బటన్ నొక్కి పట్టుకుంటే చాలు. కానీ దక్కేది చివరి 30 సెకన్లే. పీఎస్5 ఒక గంట దాకా రికార్డు చేస్తుంది. రెండు మూడు గంటల ఆటను తన మాటలతో కలిపి యూట్యూబ్‌లో పెట్టాలనుకునే కుర్రాడికి ఇవేవీ సరిపోవు. అతనికి క్యాప్చర్ కార్డు కావాలి. కన్సోల్ నుంచి టీవీకి వెళ్లే హెచ్‌డీఎంఐ బొమ్మను మధ్యలో అందుకుని, యూఎస్‌బీ ద్వారా కంప్యూటర్‌కు చేరవేసే చిన్న పెట్టె అది.

కొనబోతే మొదటి చిక్కు ధర దగ్గరే వస్తుంది. వెయ్యి రూపాయల చుట్టుపక్కల దొరికే బుల్లి డాంగిల్ మీదా, దానికి ఎన్నో రెట్లు ఖరీదైన పెట్టె మీదా 4కె అనే రాసి ఉంటుంది. రెండూ అబద్ధం కాకపోవచ్చు. తేడా అల్లా ఆ 4కె దేని గురించి అన్నదే. కార్డు కన్సోల్ నుంచి ఎంత తీసుకోగలదు, టీవీకి ఎంత పంపగలదు, కంప్యూటర్‌కు ఎంత ఇవ్వగలదు అన్నవి మూడు వేర్వేరు లెక్కలు. ఎల్గాటో హెచ్‌డీ60 ఎక్స్‌నే చూడండి. టీవీకి 4కె బొమ్మను సెకనుకు 60 ఫ్రేముల చొప్పున పంపుతుంది. కంప్యూటర్‌కు మాత్రం 4కె అయితే 30 ఫ్రేములే, 60 కావాలంటే 1440పీకి దిగాలి. చవక డాంగిళ్లలో చాలావాటికి 4కె తీసుకోవడమే తెలుసు, ఇచ్చేది 1080పీ, అదీ తరచుగా 30 ఫ్రేములే. కాబట్టి డబ్బా ముందు వైపు పెద్ద అక్షరాలు వదిలేసి, వెనుక వైపు ‘క్యాప్చర్’ అన్న మాట పక్కనున్న అంకె చదవాలి.

టీవీకి పంపే దారిని పాస్‌త్రూ అంటారు. దీనికోసం కార్డుకు HDMI IN, HDMI OUT అని రెండు రంధ్రాలు ఉండాలి. ఒక్కటే ఉంటే కంప్యూటర్ తెర మీద చూస్తూనే ఆడాలి. బొమ్మ అక్కడికి చేరేసరికి కొంత ఆలస్యమవుతుంది. పరుగు పందాల ఆటలో, తుపాకీ ఆటలో ఆ ఆలస్యం చేతికి తెలిసిపోతుంది. పాస్‌త్రూ స్థాయి తక్కువైనా నష్టమే. అది 1080పీ దగ్గర ఆగిపోతే, ఇంట్లో 4కె టీవీ ఉన్నా పీఎస్5 ఆ స్థాయికే దిగుతుంది.

ఇక యూఎస్‌బీ. ఎక్కువమంది మోసపోయేది ఇక్కడే. లెక్క వేస్తే విషయం తేలిపోతుంది. 1080పీ ఫ్రేములో 1920 × 1080 చుక్కలు, అంటే దాదాపు 20 లక్షల 70 వేలు. కుదించని వీడియోలో సాధారణంగా చుక్కకు రెండు బైట్లు, సెకనుకు 60 ఫ్రేములు. మొత్తం సెకనుకు దాదాపు 250 మెగాబైట్లు. యూఎస్‌బీ 2.0 కాగితం మీదే 60 మెగాబైట్లకు మించదు. అందుకే ఆ రకం కార్డులు బొమ్మను గట్టిగా కుదించి పంపుతాయి. చిన్న అక్షరాల చుట్టూ, ఎర్రటి అంచుల దగ్గర మరకలు కనిపించేది అందువల్లే. యూఎస్‌బీ 3.0 అయితే కాగితం మీద 625 మెగాబైట్లు, కుదించకుండానే పట్టేస్తుంది.

నీలం ప్లాస్టిక్ ఉందని యూఎస్‌బీ 3.0 అనుకోవద్దు. కొన్ని డాంగిళ్లలో రంగే ఉంటుంది, లోపలిది 2.0. టైప్-సి అన్నది కూడా రంధ్రం ఆకారమే, వేగం కాదు. కార్డు సరైనదైనా ల్యాప్‌టాప్‌లో 2.0 రంధ్రానికి గుచ్చితే ఫలితం లేదు. ఓబీఎస్ స్టూడియోలో Video Capture Device చేర్చి, Resolution/FPS Type దగ్గర Custom ఎంచుకుని, 1920x1080, 60 ఫ్రేములు పెట్టి చూడాలి. Video Format జాబితాలో అప్పుడు MJPEG ఒక్కటే కనిపిస్తే కుదింపు జరుగుతోందని అర్థం. 60 నిజంగా వస్తున్నాయా అన్నది తేల్చాలంటే, ఆటలో కెమెరాను గిర్రున తిప్పుతూ పది సెకన్లు రికార్డు చేసి, వీఎల్‌సీలో E కీ ఒక్కోసారి నొక్కుతూ వెళ్లాలి. ప్రతి బొమ్మా రెండేసి సార్లు వస్తుంటే అసలైనవి 30 మాత్రమే. వాపసు గడువు దాటకముందే ఈ పరీక్ష చేయడం మంచిది.

అన్నీ సరిగ్గా కలిపినా పీఎస్5 బొమ్మ నల్లగా వస్తే కార్డు చెడిపోయిందని బెంగపడక్కర్లేదు. సినిమాల నకళ్లను ఆపే హెచ్‌డీసీపీ రక్షణ అడ్డుపడి ఉంటుంది. Settings > System > HDMI లోకి వెళ్లి Enable HDCP ఆపేస్తే ఆట కనిపిస్తుంది. అది ఆపి ఉన్నంతసేపూ నెట్‌ఫ్లిక్స్ లాంటి యాప్‌లు నడవవు. స్విచ్ ఆటలకు ఈ బెడద లేదు గానీ, దాన్ని డాక్‌లో పెడితేనే బొమ్మ బయటికొస్తుంది. స్విచ్ లైట్‌కైతే టీవీకి బొమ్మ పంపే దారే లేదు. అది ఉన్నవాళ్లు ఎంత ఖరీదైన కార్డు కొన్నా దానికి తగిలించేందుకు ఏమీ ఉండదు.