రాతలో వినిపించని గొంతు: గ్రూప్ చాట్‌లో ఎత్తిపొడుపులు ఆగేదెలా?

ఢిల్లీ వసంత్ కుంజ్‌లోని ఒక చిన్న కార్యాలయంలో ఆరుగురు తెలుగువాళ్లు కలిసి పనిచేస్తున్నారని ఊహించుకోండి. శుక్రవారం సాయంత్రం వారి వాట్సాప్ గ్రూపులో ఒకరు, "పట్టిక ఇంకా రాలేదు. మళ్లీ గుర్తు చేస్తున్నాను" అని రాశారు. "సరేనండి, మేం ఖాళీగానే ఉన్నాం కదా" అని మరొకరి జవాబు. దానికి మూడో వ్యక్తి బొటనవేలు గుర్తు పెట్టారు. ఎవరూ తిట్టుకోలేదు కానీ గ్రూపంతా వేడెక్కింది.

దీనికి ఒక కారణాన్ని మనస్తత్వవేత్తలు జస్టిన్ క్రూగర్, నికొలస్ ఎప్లీ బృందం 2005లో ప్రచురించిన పరిశోధన చూపింది. వాక్యాలను కొన్ని వ్యంగ్యంగా, కొన్ని మామూలుగా పంపమని విద్యార్థులకు చెప్పారు. అవతలివారు దాదాపు 78 శాతం సరిగ్గా పోల్చుకుంటారని పంపినవారి అంచనా. గొంతుతో చెప్పినప్పుడు ఫలితం ఆ అంచనాకు దగ్గరగానే వచ్చింది. ఈమెయిల్‌లో మాత్రం 56 శాతమే. బొమ్మా బొరుసా వేసినా 50 శాతం సరిపోతుంది! రాసేవారికి తమ గొంతు మనసులో వినిపిస్తూనే ఉంటుంది. చదివేవారికి అది అందదు. ఆ ఖాళీని వారు తమ అలసటతోనో అనుమానంతోనో నింపుకుంటారు.

మరి మధ్యలో ఉన్న నాలుగో వ్యక్తి ఏం చేయాలి? "ఇద్దరూ తగ్గండి" అంటే ఇద్దరినీ దోషులను చేసినట్టే. ఒకరి సందేశానికే బొమ్మ గుర్తు పెడితే అది ఓటు వేసినట్టే. అందుకే ముందు మాటల్లోంచి పనికి సంబంధించిన విషయాన్ని వేరుచేయాలి. ఇక్కడ ఉన్న విషయం ఒక్కటే: పట్టిక చేరాల్సిన చోటికి చేరలేదు. ఆ తర్వాత గ్రూపులో, పేర్లు లేకుండా, ఒకే సందేశం:

"పట్టిక ఉమ్మడి ఫోల్డర్‌లో కనిపించడం లేదు. 7 గంటలకు పది నిమిషాలు ఫోన్‌లో మాట్లాడుకుందాం. అప్పటిదాకా ఈ విషయం ఇక్కడ ఆపుదాం."

ఈలోగా ఇద్దరికీ విడివిడిగా ఫోన్ చేసి ఒకే ప్రశ్న అడగాలి: "మీ వైపు ఏం జరిగింది?" ఒకరు చెప్పింది మరొకరికి మోయకూడదు. మన ఉదాహరణలో, పట్టిక బుధవారమే పాత ఫోల్డర్‌లోకి వెళ్లిందని అప్పుడు బయటపడుతుంది. ఫోల్డర్ మారిన సంగతి రెండో వ్యక్తికి ఎవరూ చెప్పలేదు. ఫోన్‌లో తేలినదాన్ని, ఇకపై ఫైలు ఎక్కడ పెట్టాలో, రెండు వాక్యాల్లో గ్రూపులో రాస్తే చాలు. తర్వాతి సందేశాల్లో "మళ్లీ" పోయి పని గురించిన ప్రశ్నలు వస్తే వేడి తగ్గినట్టు. గ్రూపు మౌనంగా ఉండి పక్కన కొత్త గ్రూపులు పుడితే తగ్గనట్టే.

ఈ పద్ధతికి ఒక హద్దు ఉంది. ఒకే వ్యక్తిపై పదేపదే దాడి జరుగుతున్నా, కులాన్నో లింగాన్నో కించపరిచినా అది అపార్థం కాదు. అక్కడ తటస్థంగా ఉండటమంటే బలవంతుడి పక్షాన నిలబడటమే. అప్పుడు చేయాల్సింది సందేశాలను భద్రపరిచి ఫిర్యాదు చేయడం. లైంగిక వేధింపులైతే 2013 చట్టం ప్రకారం పది మంది లేదా అంతకంటే ఎక్కువ మంది పనిచేసే సంస్థలో అంతర్గత కమిటీ ఉండాలి. ఇలాంటి చిన్న కార్యాలయాల వారు జిల్లా స్థాయి స్థానిక కమిటీకి వెళ్లవచ్చు.